దగ్గరి ఫోటోలో కన్ను: ఐలైనర్ గీత ఎటు సాగాలి, ఐషాడో ఎక్కడ పడాలి

ఐలైనర్ గీత మందం, అది సాగే దిక్కు, ఐషాడో పడే ఎత్తు ప్రధానంగా మూడు సంగతుల మీద ఆధారపడతాయి. కన్ను తెరిచి ఎదురుగా చూస్తున్నప్పుడు పైరెప్పలో ఎంత భాగం బయటికి కనిపిస్తోంది అనేది మొదటిది. కంటి బయటి మూల, ముక్కు వైపున్న లోపలి మూలకన్నా ఎత్తున ఉందా, దిగువన ఉందా అనేది రెండోది. రెప్పకు పైన, కనుబొమ కింద ఉన్న చర్మమూ ఎముకా ఎంత ముందుకు వచ్చాయి అనేది మూడోది. బాదం కళ్లు, గుండ్రటి కళ్లు, హుడెడ్ కళ్లు, వాలు కళ్లు అని మేకప్ పుస్తకాలు పెట్టే పేర్లన్నీ ఈ మూడింటి కలయికలకు పెట్టుకున్న పొట్టి గుర్తులే. ఒకే కన్ను రెండు పేర్లకూ సరిపోవడం మామూలు. అందుకే పేరు వెతకడం కన్నా ఈ మూడింటినీ విడివిడిగా చూడటం ఎక్కువ పనికొస్తుంది. ఆ పనికి అద్దం కన్నా ఫోటో నయం. అద్దం ముందు బ్రష్ పట్టుకున్న మనిషి తెలియకుండానే కనుబొమలు ఎత్తుతుంది, గడ్డం పైకి లేపి రెప్ప వాల్చి చూస్తుంది. ఎదుటివాళ్లకు కనిపించే కన్ను అది కాదు. ప్రశాంతంగా ఎదురుగా చూస్తున్న కన్ను ఫోటోలోనే నిలకడగా దొరుకుతుంది.

రెప్ప మీద మడత ఎందుకు పడుతుందో తెలిస్తే ఫోటోలో ఏం చూడాలో తేలికవుతుంది. పైరెప్పను లేపే కండరాన్ని లెవేటర్ అంటారు. దాని చివరి నార పోగులు కొన్ని రెప్ప చర్మానికి లోపలి నుంచి అతుక్కుని ఉంటాయి. కన్ను తెరిచినప్పుడు కండరం రెప్పను లోపలికి లాగుతుంది, అతుక్కున్న చోట చర్మం కూడా లోపలికి పోయి మడత పడుతుంది. మడతకు పైనున్న చర్మం వదులుగా ఉంటే అది ఆ మడత మీదికి జారి, కింది రెప్పభాగాన్ని కొద్దో గొప్పో కప్పేస్తుంది. దీన్నే హుడెడ్ కన్ను అంటారు. కొందరికి ఇది పుట్టుకతో, ఇంటి పోలికగా వస్తుంది. మరికొందరికి వయసు మీదపడేకొద్దీ చర్మం సాగి, కనుబొమ దిగి వస్తుంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఉండే మోనోలిడ్ కంటిలో ఆ పోగుల అతుకు బాగా కిందికి ఉంటుంది, లేదా బలహీనంగా ఉంటుంది. అందువల్ల తెరిచిన కంటిలో మడత కనిపించదు. చూపుకు ఈ రెండూ దగ్గరగా అనిపించినా తేడా ఉంది. హుడెడ్ కంటిలో మడత ఉంది, కానీ చర్మం కింద దాక్కుంది. మోనోలిడ్‌లో దాక్కోవడానికి మడతే లేదు.

ఇక్కడ వివరంగా చూసేది హుడెడ్ కన్ను సంగతే. బయటి మూల కాస్త కిందికి వాలిన హుడెడ్ కన్ను అయితే మరీ. నలభైలు దాటినవాళ్లలో ఈ కలయిక చాలా తరచుగా కనిపిస్తుంది. మామూలు మేకప్ సూచనలు ఎక్కువగా తప్పేదీ ఈ కంటి దగ్గరే. రెప్ప నిండుగా కనిపించే కంటి కోసం రాసిన సూచనను దీని మీద అక్షరాలా అమలుచేస్తే గీత మాయమవుతుంది, రంగు మడతలోకి పోతుంది, కన్ను ముందుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

ముందు ఫోటో నమ్మదగినదిగా ఉండాలి. ఫోన్‌ను ముఖానికి జానెడు దూరంలో పెట్టి తీసే సెల్ఫీ ఆకారాలను మార్చేస్తుంది. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా పడుతుంది. అమెరికాలో బోరిస్ పాస్కోవర్ బృందం 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1 అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. కళ్లకు ఇంత తేడా రాదు గానీ, ముఖం పక్కలు వెనక్కి తగ్గిపోవడంతో కళ్ల మధ్య దూరం ఉన్నదానికన్నా ఎక్కువగా అనిపిస్తుంది. అలాంటి ఫోటో చూసి కళ్లు దూరంగా ఉన్నాయనుకుని లోపలి మూలలో ముదురు రంగు దిద్దితే, అసలు ముఖం మీద కళ్లు ముక్కుకు మరీ అతుక్కున్నట్టు తేలతాయి. దీనికి మందు తేలికే. ఫోన్ వెనక కెమెరాతో, ఒకటిన్నర మీటరు దూరం నుంచి, రెండింతలో మూడింతలో జూమ్ చేసి వేరొకరి చేత తీయించుకుంటే చాలు. ఆ తర్వాత కంటి భాగాన్ని కత్తిరించి పెద్దది చేసుకోవచ్చు. దగ్గరి ఫోటో అంటే దగ్గర నుంచి తీసిన ఫోటో కావాలని లేదు, కన్ను పెద్దగా కనిపించే ఫోటో అయితే సరిపోతుంది.

దూరం కన్నా ఎక్కువ మోసం చేసేది కెమెరా ఎత్తు. కంటి బయటి మూల లోపలి మూలకన్నా కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది, ఎందుకంటే ముఖం అక్కడ చెవి వైపు తిరుగుతుంది. పైనుంచి చూస్తే వెనకున్న బిందువు బొమ్మలో పైకి పోతుంది, కిందినుంచి చూస్తే కిందికి దిగుతుంది. రెండు మూలల మధ్య లోతు తేడా 7 మిల్లీమీటర్లు అనుకుందాం. కెమెరాను 15 డిగ్రీలు పైకి ఎత్తితే ఫోటోలో బయటి మూల దాదాపు 1.8 మిల్లీమీటర్లు పైకి జరిగినట్టు పడుతుంది. 30 మిల్లీమీటర్ల వెడల్పున్న కంటికి అది మూడున్నర డిగ్రీల వాలుతో సమానం. ఎక్కువమంది కళ్లలో సహజంగా ఉండే వాలు కూడా కొద్ది డిగ్రీలే. అంటే చెయ్యి పైకెత్తి తీసిన సెల్ఫీ ఒక్కటే వాలిన కంటిని తిన్నటి కన్నుగా, తిన్నటి కంటిని పైకి లేచిన కన్నుగా చూపించగలదు. కెమెరా కళ్ల ఎత్తునే ఉండాలి, గడ్డం ఎత్తకుండా, దించకుండా, చూపు నేరుగా లెన్స్‌లో ఉండాలి. ఫోన్‌లోని బ్యూటీ మోడ్ కళ్లను తనంతట తానే పెద్దవి చేస్తుంది కాబట్టి దాన్ని ఆపేయాలి. సెల్ఫీని అద్దంలో లాగా తిప్పి దాచే ఫోన్లలో ఎడమ కన్ను ఏదో, కుడి కన్ను ఏదో ముందే గుర్తుపెట్టుకోవాలి.

వెలుతురు సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఇళ్లలో తలమీద వెలిగే ట్యూబ్‌లైట్ కనుబొమ కింద నీడ పడేస్తుంది. ఆ నీడలో మామూలు కన్ను కూడా గుంటకన్నులా, హుడెడ్ కన్నులా కనిపిస్తుంది. ఫ్లాష్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: నీడలన్నీ చెరిపేసి ఉన్న మడతను కూడా లేనట్టు చేస్తుంది. పగటిపూట కిటికీకి ఎదురుగా, ఎండ నేరుగా పడని చోట నిలబడి తీసిన ఫోటోలో ఆకారం నిజంగా ఉన్నట్టు వస్తుంది. ఒకటి కళ్లు తెరిచి, ఇంకొకటి అదే స్థలంలో అదే దూరంలో కళ్లు మెల్లగా మూసి, రెండు ఫోటోలు తీసుకోవాలి. కనుబొమలు సడలి ఉండాలి. ఫోటో అనగానే కనుబొమలు పైకి లాగడం చాలామందికి అలవాటు. ఒకసారి గట్టిగా కళ్లు మూసి, ఊపిరి వదిలి, తెరిచిన వెంటనే తీస్తే ఆ బిగువు ఉండదు.

ఫోటోలో కొలవడానికి స్కేలు కంటిలోనే ఉంది. నల్లగుడ్డు, అంటే కంటిపాప చుట్టూ ఉన్న రంగు వలయం, పెద్దవాళ్లలో దాదాపు అందరికీ అడ్డంగా 11.7 మిల్లీమీటర్లు ఉంటుంది. మనిషికీ మనిషికీ తేడా అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఆడా మగా తేడా, ముఖం సైజు తేడా దీనిమీద పెద్దగా పనిచేయవు. కాబట్టి ఫోటోలో నల్లగుడ్డు ఎన్ని పిక్సెళ్ల వెడల్పు ఉందో చూసి, 11.7తో భాగిస్తే ఒక మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో తేలుతుంది. ఫోటో ఎడిటర్‌లో కత్తిరింపు పెట్టెను నల్లగుడ్డు అంచులకు జరిపితే, చాలా యాప్‌లు ఆ పెట్టె వెడల్పును పిక్సెళ్లలో చూపిస్తాయి. అది లేకపోతే తెరమీద మామూలు స్కేలు పెట్టి కొలిచినా నిష్పత్తి దొరుకుతుంది.

ఇప్పుడు ఒక కంటిని పూర్తిగా లెక్కవేసి చూద్దాం. ఒక నలభై అయిదేళ్ల స్త్రీ కుడి కన్ను ఫోటో ఉందనుకుందాం. నల్లగుడ్డు వెడల్పు 234 పిక్సెళ్లు. 11.7తో భాగిస్తే మిల్లీమీటరుకు 20 పిక్సెళ్లు. లోపలి మూల నుంచి బయటి మూలకు 580 పిక్సెళ్లు, అంటే 29 మిల్లీమీటర్లు. ఇది మామూలు వెడల్పే. కంటిపాపకు సరిగ్గా పైన, వెంట్రుకల మొదళ్ల నుంచి మడత అంచు వరకు కనిపించే రెప్ప 30 పిక్సెళ్లు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. కంటి బయటి మూడోవంతులో ఇది సున్నాకు వస్తుంది. అక్కడ చర్మం నేరుగా వెంట్రుకల మీదికి వాలుతోంది. బయటి మూల లోపలి మూలకన్నా 20 పిక్సెళ్లు, అంటే 1 మిల్లీమీటరు దిగువన ఉంది. మడత అంచు నుంచి కనుబొమ కింది అంచుకు 240 పిక్సెళ్లు, అంటే 12 మిల్లీమీటర్లు. కంటిపాప నడుమ మెరిసే వెలుతురు చుక్క నుంచి పైరెప్ప అంచుకు 80 పిక్సెళ్లు, అంటే 4 మిల్లీమీటర్లు.

చివరి కొలత మేకప్ కోసం కాదు, పొరపాటు పడకుండా ఉండటం కోసం. రెప్ప అంచు పాప నడిమి నుంచి 4, 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే రెప్పను లేపే కండరం సరిగానే పనిచేస్తోందని అర్థం. అప్పుడు వాలింది రెప్ప కాదు, దానిమీది చర్మమే. రెప్ప అంచే కిందికి దిగి పాపను తాకుతున్నట్టుంటే అది టోసిస్ అనే వేరే స్థితి, దాన్ని గీతలతో సర్దాలని చూడకూడదు.

ఇక కళ్లు మూసిన ఫోటో. అందులో నల్లగుడ్డు కనిపించదు కాబట్టి కంటి వెడల్పు 29 మిల్లీమీటర్లనే స్కేలుగా తీసుకోవాలి. వెంట్రుకల మొదళ్ల నుంచి సన్నటి గాడిలా కనిపించే మడత వరకు 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే ఈ కంటికి నిండైన రెప్ప ఉంది. తెరిచినప్పుడు అందులో 6.5 మిల్లీమీటర్లు చర్మం కిందికి పోయి, ఒకటిన్నర మాత్రమే మిగులుతోంది. ఈ ఒక్క సంఖ్యలోనే తర్వాతి నిర్ణయాలన్నీ ఉన్నాయి. సాధారణంగా చేత్తో తేలిగ్గా గీసే లిక్విడ్ ఐలైనర్ గీత 1 మిల్లీమీటరు మందం ఉంటుంది. అది కనిపించే రెప్పలో మూడింట రెండు వంతులు తినేస్తుంది. మిగిలిన అర మిల్లీమీటరు వెంట్రుకల నీడలో కలిసిపోతుంది. ఎదుటి మనిషికి రెప్పే లేని, నల్లగా బరువెక్కిన కన్ను కనిపిస్తుంది.

ఐలైనర్ కంటిని పెద్దదిగా చూపించడానికి దృష్టిభ్రమే కారణం. బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ డెల్బఫ్ 1865లో చూపించిన భ్రమ ఉంది: ఒక వృత్తం చుట్టూ దానికి దగ్గరగా ఇంకో వృత్తం గీస్తే లోపలిది అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. కంటి అంచును ఆనుకుని గీసిన గీతను మెదడు కంటిలో భాగంగా కలుపుకుని, మొత్తాన్ని పెద్ద కన్నుగా లెక్కేస్తుంది. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కజునోరి మొరికావా బృందం ఐలైనర్, మస్కారా, ఐషాడోల వల్ల కన్ను ఎంత పెద్దదిగా అనిపిస్తుందో ప్రయోగాల్లో కొలిచింది. పెరుగుదల కొద్ది శాతమే అయినా స్పష్టంగా తేలింది. అయితే ఈ భ్రమకు ఒక షరతు ఉంది. బయటి గీత లోపలి ఆకారానికి దగ్గరగా ఉండాలి. దూరం ఎక్కువైతే ఫలితం తిరగబడి లోపలిది చిన్నదైపోతుంది. రెప్ప కనిపించని కంటికి మందంగా గీసిన గీత ఏమీ జోడించలేదు, ఉన్న ఖాళీని మూసేస్తుంది.

ఐషాడో సంగతి వేరు. అది అంచును పెంచదు, లోతును మారుస్తుంది. వెలుతురు పైనుంచి పడుతుందని మెదడు ముందే అనుకుని ఉంటుంది కాబట్టి, ముదురుగా ఉన్న చోటును లోపలికి పోయినట్టు, లేతగా మెరిసే చోటును ముందుకు వచ్చినట్టు చదువుతుంది. హుడెడ్ కంటిలో ముందుకు వచ్చి ఇబ్బంది పెట్టేది మడత మీది చర్మం. దాన్ని లోపలికి పంపాలంటే మెరుపు లేని మ్యాట్ ముదురు రంగు దానిమీదే పడాలి. అక్కడ షిమ్మర్ వేస్తే ఆ మెరుపు ఉబ్బును ఇంకా ముందుకు తెస్తుంది. ఒకే రంగు, ఒకే చోట, మ్యాట్ అయితే ఒకలా, షిమ్మర్ అయితే ఇంకోలా పనిచేయడం ఈ కంటి మీద చాలా స్పష్టంగా తెలుస్తుంది.

ఆ లెక్కల కంటికి గీత ఇలా పడాలి. మధ్యభాగంలో గీతను వెంట్రుకల మీద కాక, వెంట్రుకల మొదళ్ల మధ్య సందుల్లో నింపాలి. సన్నటి కోణపు బ్రష్‌తో జెల్ ఐలైనర్ తీసుకుని, వెంట్రుకల మీదుగా మొదళ్లలోకి చిన్న చిన్న చుక్కలుగా ఒత్తితే సరిపోతుంది. దీనివల్ల గీత మందం దాదాపు లేకుండానే వెంట్రుకల వరస దట్టంగా కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు రెప్ప మొత్తం మిగిలిపోతుంది. దీన్ని తడిగా ఉండే వాటర్‌లైన్ మీదికి దింపకపోవడం మేలు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో 2015లో వచ్చిన పరిశీలనలో, వెంట్రుకల వరసకు లోపల గీసిన పెన్సిల్ రేణువులు, బయట గీసినప్పటికన్నా త్వరగా, ఎక్కువగా కన్నీటి పొరలోకి చేరాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకు ఇది ముఖ్యం.

బయటి మూడోవంతు దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. ఇక్కడ రెండు సమస్యలు కలిశాయి: మూల కిందికి వాలింది, చర్మం దానిమీద కప్పుకుంది. గీతను వెంట్రుకల వెంబడి మూల చివరిదాకా తీసుకుపోతే ఆ వాలును మరింత చూపించినట్టవుతుంది. అందుకే నల్లగుడ్డు బయటి అంచు దాటిన తర్వాత, మూలకు ఇంకా 4, 5 మిల్లీమీటర్లు ఉండగానే గీత వెంట్రుకల వరసను వదిలి పైకి తిరగాలి. ఎంత పైకి అనేది కింది రెప్ప చెబుతుంది. కింది వెంట్రుకల వరస వంపును బయటికి అలాగే పొడిగిస్తే అది కనుబొమ తోక వైపు పోతుంది. వింగ్ దిక్కు అదే. ఈ కంటికి వింగ్ పొడవు మూల నుంచి 5 మిల్లీమీటర్లు దాటనక్కర్లేదు. పొడవు పెరిగేకొద్దీ మడతలో పోయే భాగమూ పెరుగుతుంది. కూచిపూడి వేదిక మీద నర్తకి కంటి చివర గీత చెవి వైపు దూరంగా సాగుతుంది. అది దూరం నుంచి, దీపాల వెలుగులో చూసే ప్రేక్షకుల కోసం. ఒక గజం దూరంలో మాట్లాడే మనిషికి కనిపించే కంటికి ఆ కొలత పనికిరాదు.

వింగ్‌ను ఎప్పుడూ కన్ను తెరిచి, ఎదురుగా చూస్తూ గీయాలి. అద్దం కళ్ల ఎత్తున ఉండాలి. ముందు వింగ్ చివర పడాల్సిన చోట ఒక చుక్క పెట్టుకుని, అక్కడి నుంచి లోపలికి, మడత మీదుగానే తిన్నగా గీత లాగాలి. తర్వాత కన్ను మూస్తే ఆ గీత తిన్నగా ఉండదు, మడత దాక్కున్న చోట మెట్టులాంటి విరుపు కనిపిస్తుంది. ఆ విరుపును నింపితే మూసిన కంటి మీద గబ్బిలం రెక్కలా వంకర ఆకారం వస్తుంది. అది తప్పు కాదు. కన్ను తెరిచేసరికి చర్మం ఆ వంకరను మింగేసి తిన్నటి గీతను మాత్రం మిగులుస్తుంది. కన్ను మూసి, చర్మాన్ని వేలితో పక్కకు లాగి గీసిన అందమైన తిన్నటి వింగ్ ఈ కంటిలో తెరవగానే మధ్యలో తెగి, కొస కిందికి వేలాడుతుంది. మేకప్ చేసుకోవడం రాదని చాలామంది బాధపడేది ఇక్కడే. నిజానికి వాళ్ల చెయ్యి బాగానే ఉంది, గీసేటప్పుడు కన్ను ఉన్న స్థితే వేరు.

కింది రెప్పకు కాటుక పెట్టుకునే అలవాటు తెలుగు ఇళ్లలో బలంగా ఉంది. ఈ కంటికి దాన్ని మానేయనక్కర్లేదు. లోపలి మూల నుంచి మూడింట రెండు వంతుల దూరం వరకే పెట్టి, బయటి మూడోవంతులో ఆపేస్తే చాలు. చివరిదాకా గట్టిగా పెడితే వాలిన మూల దగ్గర నలుపు కూడుకుని కంటిని కిందికి లాగుతుంది. కింద, పైన రెండు వైపులా వాటర్‌లైన్ మీద నలుపు నింపితే తెల్లగుడ్డు చుట్టూ ఉన్న లేత అంచు మూసుకుపోయి కన్ను ఇంకా ఇరుకవుతుంది.

ఐషాడోలో మొదట పడాల్సింది రెప్ప చర్మం రంగు కన్నా రెండు ఛాయలు ముదురైన మ్యాట్ గోధుమ. అది కూడా కన్ను తెరిచే వేయాలి. ఈ కంటిలో మడత అంచు నుంచి కనుబొమకు 12 మిల్లీమీటర్లు ఉంది. మడత అంచు దగ్గర మొదలుపెట్టి, పైకి 4, 5 మిల్లీమీటర్ల వరకు ఈ రంగు రావాలి. పై అంచు ఎక్కడ ముగిసిందో కంటికి దొరకనంతగా శుభ్రమైన మెత్తని బ్రష్‌తో కలిపేయాలి. అప్పుడు అసలు మడత కన్నా ఎత్తున ఒక కొత్త మడత ఉన్నట్టు అనిపిస్తుంది. దాని పైన 7 మిల్లీమీటర్లు ఖాళీగా, చర్మం రంగులోనే ఉండాలి. ముదురు రంగును కనుబొమదాకా తీసుకుపోతే కంటి చుట్టూ అలసట నీడ పరుచుకున్నట్టవుతుంది. బయటి మూల మీద ఇంకొంచెం ముదురు రంగును చిన్న బ్రష్‌తో, వింగ్ దిక్కునే పైకి తోస్తూ వేయాలి, గుండ్రంగా కిందికి చుట్టకూడదు. లేత షిమ్మర్‌కు ఈ కంటిలో రెండే చోట్లు: పాపకు పైన కనిపించే ఒకటిన్నర మిల్లీమీటరు రెప్ప, ముక్కు పక్కన లోపలి మూల.

రంగు ఎంపికలో భారతీయుల కళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. చాలామందికి రెప్పలు, కంటి చుట్టూ చర్మం ముఖం కన్నా సహజంగానే ముదురుగా ఉంటాయి. తెల్ల చర్మం కోసం చేసిన పాలెట్‌లో మడతకు వాడమని చెప్పే లేత గోధుమ, ఇలాంటి రెప్ప మీద నీడలా పనిచేయదు, బూడిద పూసినట్టు తేలిపోతుంది. మడత మీది రంగు ముఖం రంగుతో కాక రెప్ప రంగుతో పోల్చి ముదురుగా ఉండాలి. ఇటుక ఎరుపు, కాఫీ గింజ రంగు, వంకాయ రంగు లాంటి వెచ్చని ముదురు రంగులు ఇక్కడ బాగా పనిచేస్తాయి. రెప్ప ముందే ముదురుగా ఉంది కాబట్టి దానిమీద కాస్త లేత రంగు ఎక్కువ తేడా చూపిస్తుంది. ముదురు రెప్పకు ఇది ఒక లాభం.

పని పూర్తయ్యాక మొదట తీసిన చోటే, అదే వెలుతురులో, అదే దూరం నుంచి మళ్లీ ఫోటో తీస్తే తప్పులు తెలుస్తాయి. కనిపించే రెప్ప ముందుకన్నా తగ్గితే గీత మందమైంది. వింగ్ మధ్యలో తెగితే కన్ను మూసి గీశారు. రంగు మొత్తం 2, 3 మిల్లీమీటర్లు కిందికి దిగి మడతలోకి పోయినట్టుంటే, వేసేటప్పుడు కనుబొమలు ఎత్తి ఉన్నాయి. రెప్ప పైన, మడత కింద ఇంకో సన్నటి నల్ల గీత అచ్చుపడి ఉంటే, ఐలైనర్ ఆరకముందే చర్మం దానిమీద వాలింది. హుడెడ్ కంటిలో చర్మం చర్మాన్ని తాకుతూనే ఉంటుంది కాబట్టి ఈ అచ్చు మామూలు. గీత గీశాక అర నిమిషం కిందికి చూస్తూ ఉండి ఆరనివ్వడం, వాటర్‌ప్రూఫ్ రకం వాడటం, గీత మీద అదే రంగు పొడి ఐషాడో పలుచగా అద్దడం దీన్ని చాలావరకు ఆపుతాయి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా వేసవిలో మెత్తని కాటుక పెన్సిల్ ఈ రెప్ప మీద ఎక్కువసేపు నిలవదు.

ఇతర ఆకారాలకూ ఇవే కొలతలు దారి చూపిస్తాయి. కనిపించే రెప్ప 4, 5 మిల్లీమీటర్లు ఉన్న కంటికి మందపాటి గీత వేసినా ఇంకా చోటు మిగులుతుంది. నల్లగుడ్డు కింద కూడా తెల్లగుడ్డు కనిపించే గుండ్రటి కంటికి గీత మధ్యలో సన్నగా, బయటి మూడోవంతులో మందంగా ఉంటే కన్ను పొడవుగా సాగినట్టుంటుంది. గుంటకన్నులో రెప్ప కనిపిస్తుంది గానీ కనుబొమ ఎముక నీడలో ఉంటుంది. మడతలో ముదురు రంగు వేస్తే అది ఇంకా లోపలికి పోతుంది కాబట్టి అక్కడ లేత రంగులే మేలు. హుడెడ్ కన్ను కోసం చెప్పిన ముదురు మడతను గుంటకన్నుకు వాడటం తరచుగా జరిగే పొరపాటు. ఫోటోలో చర్మం రెప్పను తాకుతోందా, లేక మధ్యలో నీడగా ఖాళీ ఉందా చూస్తే రెండూ వేరుపడతాయి. మోనోలిడ్‌కు మడత దారి చూపించదు కాబట్టి రంగును వెంట్రుకల దగ్గర ముదురుగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ పలుచబరుస్తారు. కళ్లు దగ్గరా దూరమా అనేదాన్ని ముఖం వెడల్పుతో కాక కంటి వెడల్పుతో చూడాలి. రెండు లోపలి మూలల మధ్య దూరం ఒక కంటి వెడల్పుకు దగ్గరగా ఉంటే లోపలి మూలలో ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదు.

రెండు కళ్లనూ విడివిడిగా కొలిస్తే ఎక్కువమందిలో అవి ఒకటి కావు. కుడి కంటిలో ఒకటిన్నర మిల్లీమీటరు రెప్ప కనిపిస్తే ఎడమ కంటిలో రెండున్నర కనిపించవచ్చు. రెండింటికీ ఒకే మందంలో గీత గీస్తే తేడా అలాగే మిగిలిపోతుంది. ఎక్కువ కనిపించే ఎడమ రెప్ప మీద గీతను అర మిల్లీమీటరు మందం చేసి, కుడివైపు మొదళ్లలో మాత్రమే నింపి, కుడి కంటి మీది ముదురు మడతను ఒక మిల్లీమీటరు పైకి జరిపితే రెండూ దగ్గరవుతాయి. వింగ్ కొసలు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో ఫోటో మీద అడ్డంగా గీత పెట్టి చూడాలి, కళ్లకు అవి సమానంగా అనిపించినా సరే. పాత ఫోటోల్లో లేని తేడా ఈమధ్యే వచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు. ఒక రెప్ప కొద్ది రోజుల్లోనే కిందికి దిగడం, సాయంత్రానికి బాగా వాలడం, దానితోపాటు ఒకటి రెండుగా కనిపించడం, కంటిపాపల సైజులు వేరుగా ఉండటం లాంటివి నరాలకు, కండరాలకు సంబంధించిన జబ్బుల గుర్తులు కావచ్చు. అప్పుడు ఆ ఫోటోలను వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి.